తెలుగు మాట్లాడే పిల్లల్ని చదివే, రాసే పరీక్షకు సిద్ధం చేయడం: విదేశాల్లోని తల్లిదండ్రులకు అంచెలంచెలుగా

మా వారాంతపు తెలుగు బడికి కొత్తగా వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఒకే మాట చెబుతారు. "ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడతాడండీ, చదవమంటేనే తడబడతాడు. మూడు నెలల్లో పరీక్ష ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ మార్గదర్శి అలాంటి పిల్లల కోసమే. ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు, ఇంట్లో తెలుగు వినిపిస్తుంది, అక్షరాలు చాలావరకు గుర్తుపడతారు, కానీ పేరా చదవడానికీ రాయడానికీ ఇబ్బంది పడతారు. అక్షరాలు అసలే రాని పిల్లలకు పన్నెండు వారాలు చాలవు. వాళ్ళకు ముందు అక్షరమాల, గుణింతాలు పూర్తిచేయించాలి.

ఒక్క విషయం ముందే చెప్పాలి. పరీక్ష దగ్గర పడిందని టెన్షన్‌తో మళ్ళీ అ, ఆ నుంచి మొదలుపెట్టకండి. నేను మొదట్లో ఒక పాప విషయంలో అదే చేశాను. రెండు నెలలు అక్షరాలు దిద్దించాను. అవి ఆ పాపకు ముందే వచ్చు. రానిది ఒత్తులు. వాటికి చేరేసరికి పరీక్ష వచ్చేసింది. ఎక్కడ తెగుతోందో చూసి అక్కడే పట్టుకోవాలి.

## 1. పరీక్ష గురించి ముందు తెలుసుకోవాల్సినవి

విదేశాల్లో పిల్లలు రాసే తెలుగు పరీక్షలన్నీ ఒకేలా ఉండవు. వారాంతపు బడులు పెట్టే పరీక్షలు ఎక్కువగా కాగితం మీద ఉంటాయి. పాఠ్యపుస్తకంలోని పాఠాల నుంచే ప్రశ్నలు వస్తాయి. అమెరికాలో హైస్కూలు పిల్లలు రెండు భాషల్లో పట్టున్నవాళ్ళకు ఇచ్చే 'సీల్ ఆఫ్ బైలిటరసీ' అనే గుర్తింపు కోసం రాసే భాషా పరీక్ష వేరు. ఈ గుర్తింపు 2011లో కాలిఫోర్నియా చట్టంతో మొదలై మిగతా రాష్ట్రాలకు పాకింది. తెలుగుకు ఏ పరీక్షను ఒప్పుకుంటారు, ఏ స్థాయి రావాలి అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోచోట స్కూలు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. పక్కింటివాళ్ళ అబ్బాయి ఏం రాశాడో అడిగి సరిపెట్టుకోకుండా, మీ స్కూలు కౌన్సిలర్‌నో బడి టీచర్‌నో అడిగి కింది వాటికి జవాబులు రాసిపెట్టుకోండి.

- పైకి చదివించి వింటారా, మనసులో చదివి జవాబులు రాయాలా?
- డిక్టేషన్ ఉందా?
- సొంతంగా పేరా గానీ ఉత్తరం గానీ రాయాలా? ఎన్ని వాక్యాలు?
- చేత్తో రాయాలా, కంప్యూటర్‌లో టైప్ చేయాలా? టైప్ చేయాలంటే ఏ కీబోర్డు ఇస్తారు?
- పాఠాలు ముందే తెలుసా, కొత్త పేరా ఇస్తారా?
- సమయం ఎంత?
- పాత ప్రశ్నపత్రం గానీ నమూనా గానీ దొరుకుతుందా?

నమూనా దొరికితే మిగతా ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉంటాయి. అది దొరికేదాకా అడగండి, మొహమాటపడొద్దు.

## 2. అరగంటలో పిల్లల స్థాయి చూసుకోవడం

ప్రిపరేషన్ మొదలుపెట్టే ముందు ఒక శనివారం పొద్దున అరగంట కేటాయించండి. ఒక కొత్త పేరా, ఇరవై పదాల డిక్టేషన్ ఉంటే చాలు. చదివేటప్పుడూ రాసేటప్పుడూ దిద్దకండి, మధ్యలో అందించకండి. ఆ రోజు మీరు చూడటం వరకే.

చదివించాల్సిన పేరా

> రాత్రి వాన బాగా కురిసింది. పొద్దున్నే లేచి చూస్తే పెరట్లో చిన్న పక్షి ఒకటి తడిసిపోయి కనిపించింది. అక్క దాన్ని మెత్తటి గుడ్డలో పెట్టి ఇంట్లోకి తెచ్చింది. అమ్మ చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టింది. ఎండ వచ్చాక దాని రెక్కలు ఆరాయి. అది కిటికీలోంచి ఎగిరి చెట్టు మీద వాలింది.

ఇందులో 36 పదాలున్నాయి. ఫోన్‌లో రికార్డు చేస్తే తరువాత తీరిగ్గా వినొచ్చు. ఎక్కడ ఆగారో, ఏ పదాన్ని రెండుసార్లు కూడబలుక్కున్నారో మీ కాగితం మీద గీత పెట్టుకోండి. చదవడానికి రెండు నిమిషాలు దాటితే సాధారణంగా అర్థం జారిపోతుంది. అక్షరాలు కూడదీసుకోవడానికే బుర్ర మొత్తం ఖర్చవుతుంది కాబట్టి, చివరి వాక్యానికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తుండదు.

చెప్పాల్సిన పదాలు

గోడ, అన్నయ్య, పండు, రాత్రి, చీర, చెట్టు, గంట, మిత్రుడు, మేక, మెత్తగా, కొంగ, పక్షి, పూలు, పువ్వు, పంపు, స్నేహం, కోతి, పిల్లి, సింహం, పద్యం.

ఈ పదాల్లో నాలుగు గుంపులు కలిసి ఉన్నాయి. గోడ, చీర, మేక, పూలు, కోతి దీర్ఘాల కోసం. పండు, గంట, కొంగ, పంపు, సింహం సున్న కోసం. అన్నయ్య, చెట్టు, మెత్తగా, పువ్వు, పిల్లి ద్విత్వాలు, అంటే అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి. రాత్రి, మిత్రుడు, పక్షి, స్నేహం, పద్యం సంయుక్తాలు, అంటే వేరే అక్షరపు ఒత్తు వచ్చేవి. మొత్తం ఎన్ని తప్పులొచ్చాయో లెక్కపెట్టి ఊరుకోకుండా, ఏ గుంపులో ఎన్ని వచ్చాయో విడిగా రాయండి.

పోయిన ఏడాది మా క్లాసులో చేరిన ఐదో తరగతి అబ్బాయి కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఇరవైలో పది తప్పు. వాళ్ళమ్మగారు చూసి కంగారుపడ్డారు. విడదీస్తే సంగతి వేరు. దీర్ఘాల్లో ఒక్కటే తప్పు, 'కోతి'ని 'కొతి' అని రాశాడు. సున్నలో రెండు: 'పన్డు', 'కొన్గ'. ద్విత్వాల్లో మూడు: 'అనయ', 'మెతగా', 'పువు'. సంయుక్తాల్లో నాలుగు: 'రాతిరి', 'మితురుడు', 'పక్సి', 'సనేహం'. పది తప్పుల్లో ఏడు ఒత్తులవే. ఆ అబ్బాయికి కావలసింది నాలుగు వారాల ఒత్తుల సాధన.

మీ పాప గానీ బాబు గానీ దీర్ఘాల గుంపులోనే మూడు దాటి తప్పులు చేస్తే మాత్రం ఒత్తుల జోలికి ఇంకా పోకండి. గుణింతాలు రెండు వారాలు గట్టిపరచాలి. క, కా అని పాటలా అప్పజెప్పించడం సరిపోదు. పాట వచ్చినా అక్షరం విడిగా చూపిస్తే గుర్తుపట్టని పిల్లలు చాలామంది ఉన్నారు. చిన్న కార్డుల మీద 'కొ, కో, కె, కే, కు, కూ' రాసి కలిపేసి చూపించండి. పొట్టి అక్షరానికి ఒక చప్పట్లు, పొడుగు అక్షరానికి రెండు చప్పట్లు కొట్టిస్తే తేడా చెవికి పడుతుంది.

## 3. ఒత్తులు: ఎక్కువ సమయం ఇక్కడే

మన పిల్లలు ఒత్తుల దగ్గర ఎందుకు ఆగిపోతారో ముందు అర్థం చేసుకోవాలి. 'రాత్రి' అనే పదం చూడండి. గుడి 'త' మీద ఉంది, ర ఒత్తు కింద ఉంది. పిల్లలు పైనుంచి కిందికి చదువుతారు కాబట్టి ముందు 'తి' అని, తరువాత 'ర' అంటారు. అలా 'రాతిర' అవుతుంది. 'మిత్రుడు' 'మితురడు' అవుతుంది. 'పెరట్లో' 'పెరటోల' అవుతుంది. వాళ్ళు అక్షరాలు తప్పుగా గుర్తుపట్టలేదు, వరుస తప్పుగా పట్టుకున్నారు.

కాబట్టి నేర్పాల్సిన సూత్రం ఒక్కటే. గుర్తు పై అక్షరానికి తగిలించి ఉన్నా, దాని ధ్వని కింది ఒత్తు పలికిన తరువాతే వస్తుంది. పై అక్షరం పొల్లుగా పలకాలి. ఇది మాటల్లో చెబితే పదేళ్ళ పిల్లలకు ఎక్కదు. ఇలా చేయించండి.

మొదటి అడుగు. పదం చూపించకుండా నోటితో అనిపించండి. 'రాత్రి' వాళ్ళకు వచ్చిన మాటే. అంటూ మధ్యలో చప్పట్లు కొట్టమనండి: రాత్ (చప్పట్లు) రి. పక్ (చప్పట్లు) షి. చెట్ (చప్పట్లు) టు. పెరట్ (చప్పట్లు) లో. చప్పట్లకు ముందున్న చివరి ధ్వని పై అక్షరం, తరువాతిది ఒత్తు.

రెండో అడుగు. ఇప్పుడు పదం రాసి చూపించండి. పై అక్షరాన్ని నీలం రంగుతో, ఒత్తును ఎరుపుతో, గుడినో కొమ్మునో కూడా ఎరుపుతోనే రాయండి. ఎరుపు రంగువన్నీ కలిపి చివర పలకాలి అని చెప్పండి. 'త్రి'లో త నీలం, ర ఒత్తూ గుడీ ఎరుపు. ఆ ఐదో తరగతి అబ్బాయికి చప్పట్లతో రాని విషయం ఈ రంగులతో ఒక్క పూటలో వచ్చింది.

మూడో అడుగు. ఆకారాలు. చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి. గ, చ, డ, ద, ప, బ ఒత్తులు చూస్తే పిల్లలే పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. ఈ ఆరింటినీ విడిగా నేర్పాలి. రోజుకు ఒకటి చొప్పున వారం రోజులు తీసుకోండి, రెండు కలపకండి. ముందు ద్విత్వంలో చూపించి, అదే ఒత్తు వేరే అక్షరం కింద ఎలా ఉంటుందో తరువాత చూపించాలి.

- త: అత్త, కత్తి. తరువాత పుస్తకం, శక్తి.
- న: అన్న, చిన్న. తరువాత స్నేహం, ప్రశ్న.
- మ: అమ్మ, బొమ్మ. తరువాత ఆత్మ, పద్మం.
- య: అన్నయ్య, తియ్యగా. తరువాత పద్యం, విద్య.
- ర: కర్ర, గొర్రె. తరువాత రాత్రి, చక్రం.
- ల: పిల్ల, ఇల్లు. తరువాత ఇంట్లో, పెరట్లో.

నాలుగో అడుగు. ద్విత్వం రాయడం మరిచిపోయే పిల్లలకు జంట పదాలు వినిపించాలి. 'పులి, పుల్లి' లాంటి అర్థం లేని జంటలు వద్దు. రెండింటికీ అర్థం ఉండాలి: కల, కల్ల. గడి, గడ్డి. మొన, మొన్న. ఒకటి మీరు అనండి, ఏది అన్నారో వాళ్ళు వేలు పెట్టి చూపించాలి. పది సార్లలో తొమ్మిది సార్లు సరిగ్గా చూపించాకే రాయించండి. వినలేని తేడాను చెయ్యి రాయలేదు.

ఒత్తులు వచ్చాయా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? కొత్త పదం ఇవ్వండి. ఇంట్లో ఎప్పుడూ అనని 'యాత్రికుడు', 'నక్షత్రం', 'పద్మావతి' లాంటివి. ఆగకుండా చదివితే వచ్చినట్టు. తెలిసిన పదాల్ని పిల్లలు మొదటి అక్షరం చూసి ఊహించి చెప్పేస్తారు. అది చదవడం అనుకుని మనం మోసపోతాం.

## 4. డిక్టేషన్ చేయించే పద్ధతి

రోజుకు పది పదాలు చాలు. ముప్పై చెప్పి అలసిపోయేలా చేస్తే చివరి పది పదాలకు చేతిరాత పాడవడం తప్ప ఏమీ మిగలదు. పదిలో ఏడు నిన్నటివీ మొన్నటివీ ఉండాలి, మూడు కొత్తవి.

పదం మామూలుగా, ఇంట్లో మాట్లాడే వేగంతో చెప్పండి. 'రా...తు...రి' అని సాగదీస్తే పిల్లలు సాగదీసినట్టే రాస్తారు. తప్పు రాస్తే మీరు దిద్దకండి. వాళ్ళు రాసింది వాళ్ళ చేతే పైకి చదివించండి. 'అనయ' అని తామే చదివి, ఆగి, 'కాదు కాదు, అన్నయ్య' అని తామే నవ్వుకుంటారు. అలా సొంతంగా పట్టుకున్న తప్పు మళ్ళీ రావడం తక్కువ.

విదేశాల్లో పెరిగే పిల్లలు చేసే తప్పుల్లో కొన్ని పదే పదే కనిపిస్తాయి.

త, ట కలిసిపోవడం. ద, డ కలిసిపోవడం. ఇంగ్లీషు ధ్వని ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. 'త, ద' అనేటప్పుడు నాలుక పళ్ళను తాకాలి. 'ట, డ' అనేటప్పుడు వెనక్కి మడిచి అంగిలిని తాకాలి. అద్దం ముందు కూర్చోబెట్టి చూపించండి. 'పాత, పాట' జంటతో మొదలుపెట్టండి.

న, ణ, ల, ళ. 'కల, కళ' వినిపించండి. ఏ పదంలో ళ వస్తుందో, ఏ పదంలో ణ వస్తుందో చెవితోనూ కంటితోనూ అలవాటు కావాలి. నీళ్ళు, వాళ్ళు, కాళ్ళు, పెళ్ళి, వేళ్ళు ఒక చోట రాసి గోడకు అంటించండి. 'ళ్ళ' అని రాయాలా 'ళ్ల' అని రాయాలా అని చాలామంది అడుగుతారు. రెండూ అచ్చులో కనిపిస్తాయి. మీ పిల్లల పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే అదే నేర్పి, అంతటా ఒకేలా రాయించండి.

సున్న. 'పన్డు', 'కొన్గ', 'గన్ట' అని రాసే పిల్లలకు చెవి బాగానే పనిచేస్తోంది, రాసే ఆనవాయితీ తెలియదు. 'న్' లేదా 'మ్' లాంటి ధ్వని తరువాత క, గ, చ, జ, ట, డ, త, ద, ప, బ వస్తే సున్న రాస్తాం. అదే 'న' తరువాత 'న' వస్తే ఒత్తు: అన్న. 'మ' తరువాత 'మ' వస్తే ఒత్తు: అమ్మ. ఈ స్థాయికి ఇంతవరకు చాలు.

పదం చివరి సున్న. 'పుస్తకం' బహువచనంలో 'పుస్తకాలు' అవుతుంది, 'పుస్తకంలు' కాదు. దేశం, దేశాలు. పాఠం, పాఠాలు. 'కి' చేరితే పుస్తకానికి, దేశానికి. ఈ మార్పు పిల్లల నోటికి తెలుసు, చేతికి తెలియదు. ఒకసారి చూపిస్తే చాలు.

పోలిక ఉన్న అక్షరాలు. మ, వు. ప, వ. ర, ఠ. ద, ధ, థ. బ, భ. ఇవి పక్కపక్కన పెద్దగా రాసి, తేడా ఎక్కడుందో వాళ్ళ చేతే సున్నా చుట్టించండి. ఠ, ధ, భ లాంటి మహాప్రాణాల గురించి మరీ కంగారు వద్దు. పాఠ్యపుస్తకంలో తరచుగా వచ్చే కథ, భాష, ధనం, పాఠం, ఫలం లాంటి ఇరవై పదాలు కంఠతా వస్తే ఈ స్థాయి పరీక్షకు చాలావరకు గట్టెక్కుతారు.

## 5. చదివి అర్థం చేసుకోవడం

పిల్లవాడు గడగడా చదివినా ప్రశ్నలకు జవాబు రాయలేకపోతే కారణం ఎక్కువగా రెండింటిలో ఒకటి అయి ఉంటుంది. పొడుగు పదాలు, లేదా ప్రశ్నపదాలు.

తెలుగులో ఒక్క పదంలోనే చాలా ఇమిడిపోతుంది. 'తడిసిపోయి', 'కిటికీలోంచి', 'వెళ్ళిపోయిందని' లాంటివి చూసి పిల్లలు భయపడతారు. ఇలాంటి పదాన్ని చివరి నుంచి వేలితో మూసి చూపించండి. 'కిటికీలోంచి'లో చివరి భాగం మూస్తే 'కిటికీ' కనబడుతుంది. అది వాళ్ళకు తెలుసు. వేలు తీస్తే 'లోంచి' మిగులుతుంది. అదీ తెలుసు. లో, కి, తో, నుంచి, మీద, కోసం, వల్ల, గురించి అనే ఈ చిన్న ముక్కలు కార్డుల మీద రాసి, ఒకే నామవాచకానికి తగిలిస్తూ ఆడించండి: ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి, ఇంటి కోసం. 'ఇల్లు' కాస్తా 'ఇంటి'గా మారిపోవడం పిల్లలకు పెద్ద అడ్డంకి. 'కాలు' 'కాలి'గా, 'నోరు' 'నోటి'గా, 'ఊరు' 'ఊరి'గా మారడం కూడా అప్పుడే చూపించండి.

ఇక ప్రశ్నపదాలు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు, ఎన్ని, ఎంతమంది. 'ఎక్కడ', 'ఎప్పుడు', 'ఎందుకు' అన్నీ 'ఎ'తో మొదలవడంతో తొందరలో ఒకదానికి బదులు ఇంకోదానికి జవాబు రాసేస్తారు. ప్రశ్న చదవగానే ప్రశ్నపదం కింద గీత గీయడం అలవాటు చేయండి.

పై పేరాకే ప్రశ్నలు వేసి చూద్దాం. "పక్షి ఎక్కడ కనిపించింది?" జవాబు పేరాలోనే ఉంది: పెరట్లో కనిపించింది. "పక్షి ఎందుకు తడిసిపోయింది?" ఇది వేరే రకం. పేరాలో సూటిగా చెప్పలేదు. రాత్రి వాన కురిసిందన్న మొదటి వాక్యానికి ముడిపెట్టుకోవాలి. జవాబు 'రాత్రి వాన కురవడం వల్ల తడిసిపోయింది' అని రావాలి. 'ఎందుకు' అని అడిగితే జవాబులో 'వల్ల' గానీ 'కాబట్టి' గానీ 'కోసం' గానీ ఉండాలని చెప్పండి. చాలామంది పిల్లలు ఒట్టి 'వాన' అని రాసి వదిలేస్తారు. ప్రశ్నలోని మాటలనే తీసుకుని పూర్తి వాక్యం రాయడం అలవాటైతే మార్కులు పోవు.

## 6. సొంతంగా పేరా రాయడం

పిల్లలు మనసులో ఇంగ్లీషు వాక్యం అనుకుని దాన్ని తెలుగులోకి దించుతారు. వాళ్ళకు తెలుగు వచ్చు, కానీ స్కూల్లో రాసే అలవాటంతా ఇంగ్లీషులోనే కాబట్టి పెన్ను పట్టగానే ఆ గాడిలో పడతారు. అందుకని ముందు రాయించకండి. చెప్పించండి. "బీచ్‌లో ఏం చేశావురా, నాకు చెప్పు" అంటే చక్కటి తెలుగులో చెబుతారు. అది రికార్డు చేసి, వింటూ వాళ్ళనే రాయమనండి.

ఐదో తరగతి అబ్బాయి ఏడో వారంలో నేరుగా రాసిన పేరా ఇది. స్పెల్లింగ్ తప్పులు ముందే తీసేశాను.

> నేను ఇష్టం సెలవులు. నేను మరియు నా అమ్మ మరియు నా తమ్ముడు మనం వెళ్ళాం బీచ్‌కి. అక్కడ తమ్ముడు ఇసుక ఇల్లు కట్టింది. నేను ఆకలి అయింది. తరువాత మేము ఇంటికి వచ్చాను.

అదే అబ్బాయి నాకు నోటితో చెప్పి, విని రాశాక ఇలా వచ్చింది.

> నాకు సెలవులంటే చాలా ఇష్టం. అమ్మా, తమ్ముడూ, నేనూ బీచ్‌కి వెళ్ళాం. అక్కడ తమ్ముడు ఇసుకతో ఇల్లు కట్టాడు. కాసేపటికి నాకు ఆకలేసింది. సాయంత్రం మేము ఇంటికి వచ్చాం.

ఈ రెంటి మధ్య తేడాలే మీరు దిద్దాల్సినవి. ఇష్టం, ఆకలి, కోపం, భయం, జ్వరం అన్నిటికీ 'నాకు' వస్తుంది, 'నేను' కాదు. క్రియ వాక్యం చివరికి వెళ్ళాలి. కర్త ఎవరో చూసి క్రియ చివర మార్చాలి: తమ్ముడు కట్టాడు, చెల్లి కట్టింది, వాళ్ళు కట్టారు, నేను కట్టాను, మేము కట్టాం. 'మరియు'కు బదులు చివరి అక్షరం సాగదీస్తే సరిపోతుంది: అమ్మా, తమ్ముడూ. 'నా అమ్మ' అనకుండా 'మా అమ్మ' అంటాం.

'మేము', 'మనం' కాస్త ఓపిగ్గా చెప్పాల్సిన విషయం. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. చదివేవాళ్ళు ఆ బీచ్‌కి రాలేదు కాబట్టి పరీక్ష పేపర్లో 'మేము' రావాలి. ఎదుటివాళ్ళు కూడా కలిస్తేనే 'మనం'. భోజనం దగ్గర ఆట ఆడించండి. "మనం తింటున్నాం" అంటే గదిలో అందరూ. "మేము తిన్నాం" అంటే నువ్వు తినలేదన్నమాట.

ఉత్తరం రాయమంటే 'ప్రియమైన తాతయ్యకు' అని మొదలుపెట్టి, లోపల అంతా 'మీరు' వాడాలి. ఫోన్‌లో 'నువ్వు' అనే చనువున్నా పరీక్షలో 'మీరు ఎలా ఉన్నారు?' అనే రాయించండి. మధ్యలో 'నువ్వు'కు మారిపోకుండా చూడండి. పైన తేదీ, చివర 'మీ మనవడు' అనో 'మీ మనవరాలు' అనో పెట్టడం మరవకూడదు.

ఒక పేరాకు ఒక్కసారే దిద్దండి, అదీ ఒక్క రకం తప్పునే. ఈ వారం క్రియలు, వచ్చే వారం 'నాకు'. కాగితం నిండా ఎర్ర గీతలు చూసిన పిల్లలు తరువాతిసారి మూడు వాక్యాలతో ఆపేస్తారు.

## 7. టైప్ చేయాల్సి వస్తే

టైప్ చేసే పరీక్ష అయితే కనీసం ఆరు వారాల ముందే అదే కీబోర్డు మీద సాధన మొదలవ్వాలి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పదం సూచించే పద్ధతి ఇంట్లో హాయిగా ఉంటుంది. కానీ అందులో పదాన్ని పిల్లలు ఎంచుకుంటారే తప్ప అక్షరాలుగా కట్టరు. పరీక్షలో ఆ సదుపాయం లేకపోతే మొదటి ఒత్తు దగ్గరే ఆగిపోతారు.

ఒకటి గమనించండి. తెలుగు కీబోర్డు మీద 'త్రి' రావాలంటే త, పొల్లు, ర, గుడి అనే వరుసలో కొట్టాలి. ఇది పలికే వరుసే. మూడో భాగంలో చెప్పిన సూత్రం ఇక్కడ వేళ్ళకు ఎక్కుతుంది. చేతిరాత పరీక్ష రాసే పిల్లలకు కూడా నేను వారానికి ఒకసారి ఇలా టైప్ చేయిస్తాను.

## 8. పన్నెండు వారాలు ఎలా పంచుకోవాలి

వారానికి ఐదు రోజులు, రోజుకు 25 నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా ఇదే మేలు. అన్నం తిన్న వెంటనే, నిద్రకు ముందు వద్దు.

- 1వ వారం: స్థాయి చూడటం, నమూనా పేపర్ సంపాదించడం, గుణింతాలు గట్టిపరచడం.
- 2 నుంచి 5: ఒత్తులు. రోజూ పది నిమిషాలు సాధన, పది పదాల డిక్టేషన్, మిగతా సమయం పైకి చదవడం.
- 6 నుంచి 8: డిక్టేషన్ వాక్యాలకు పెంచండి. రోజుకు ఒక చిన్న పేరా, మూడు ప్రశ్నలు. వారానికి రెండు పేరాలు చెప్పించి రాయించడం.
- 9, 10: చెప్పించకుండా నేరుగా రాయించడం. ఐదు వాక్యాల నుంచి ఎనిమిది దాకా.
- 11: పూర్తి నమూనా పరీక్ష, గడియారం పెట్టి. రెండు రోజుల తేడాతో రెండుసార్లు.
- 12: కొత్తవి ఏమీ వద్దు. తప్పుల పుస్తకం తిరగేయడం మాత్రమే.

తప్పుల పుస్తకం అంటే చిన్న నోట్‌బుక్. ప్రతి తప్పు పదం ఎడమవైపు, సరైనది కుడివైపు. ఒకే పదం మూడుసార్లు ఎక్కితే దానికి కార్డు రాయండి. మధ్యలో ప్రయాణమో జ్వరమో వచ్చి ఒక వారం పోతే, ఒత్తుల వారాలు తగ్గించకండి. తొమ్మిదో, పదో వారం నుంచి కోసుకోండి.

స్థాయి చూసిన ఇరవై పదాలే ఐదో వారం చివర మళ్ళీ చెప్పండి. ఆ ఐదో తరగతి అబ్బాయికి అప్పుడు పదహారు వచ్చాయి. మిగిలిన నాలుగూ సంయుక్తాలే కాబట్టి ఇంకో వారం వాటి మీదే ఉన్నాం, పేరాల పని ఒక వారం వెనక్కి జరిపాం. ప్రణాళిక పిల్లల్ని బట్టి మారాలి.

## 9. పరీక్ష ముందు రోజు, పరీక్ష రోజు

ముందు రోజు పావుగంట కన్నా ఎక్కువ వద్దు. వచ్చిన పేరా ఒకటి చదివించి, పుస్తకం మూసేయండి.

పరీక్షలో ఏ వరుసలో చేయాలో పిల్లలకు ముందే చెప్పి, నమూనా పరీక్షల్లో అలాగే అలవాటు చేయించాలి.

- ముందు ప్రశ్నలు చదవాలి, తరువాత పేరా. ఏం వెతకాలో తెలిసి చదువుతారు.
- ప్రశ్నపదం కింద గీత.
- రాని పదం దగ్గర ఆగిపోకుండా, చివర వేలితో మూసి మూలం చూడాలి. అప్పటికీ రాకపోతే దాటి వెళ్ళాలి.
- పేరా రాసే ముందు పక్కన నాలుగు మాటలు రాసుకోవాలి: ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, చివరికి ఏమైంది.
- చివరి ఐదు నిమిషాలు మూడు వాటికే: ఒత్తులు పడ్డాయా, దీర్ఘాలు పడ్డాయా, క్రియ చివర సరిపోయిందా.

ఆ చివరి ఐదు నిమిషాల్లో పెదవులు కదుపుతూ, చప్పుడు రాకుండా తమ పేరా తామే చదువుకోమనండి. ఐదో తరగతి అబ్బాయి పరీక్షలో 'అనయ' అని రాసి, ఇలాగే చదువుకుంటూ ఆగి, న ఒత్తూ య ఒత్తూ పెట్టి వచ్చాడు. బయటికి రాగానే వాళ్ళమ్మగారికి ముందు చెప్పింది ఆ సంగతే.